రెండు లైన్ల నోట్, నాలుగు డ్రాఫ్టులు: బెంగళూరులో ఒక హైరింగ్ మేనేజర్‌కి వెళ్ళిన కనెక్షన్ రిక్వెస్ట్

ఈ కేసులో అభ్యర్థి గుంటూరు వైపు అమ్మాయి. మారతహళ్ళిలో పీజీలో ఉంటూ ఒక సర్వీసెస్ కంపెనీలో నాలుగున్నరేళ్ళుగా జావా బ్యాకెండ్ పని చేస్తోంది. క్లయింట్ ఒక బ్యాంకు. ఆమె టీమ్ పని రికన్సిలియేషన్, అంటే రోజూ వచ్చే లావాదేవీల ఫైలుని సొంత రికార్డులతో పోల్చి, లెక్క కుదరనివాటిని పక్కకు తీయడం. వెళ్ళాలనుకుంటున్నది అవుటర్ రింగ్ రోడ్డు మీదున్న ఒక పేమెంట్స్ కంపెనీకి. అక్కడ సెటిల్‌మెంట్ టీమ్‌లో బ్యాకెండ్ ఇంజినీర్ కావాలని పోస్టు పడింది. ఆ టీమ్ మేనేజర్‌కి లింక్డ్‌ఇన్‌లో రెండు లైన్ల నోట్‌తో కనెక్షన్ రిక్వెస్ట్ పంపాలన్నది ఆమె ఆలోచన. మా సలహా తీసుకుంటూ రాస్తే ఆ రెండు లైన్లకు నాలుగు డ్రాఫ్టులు పట్టాయి.

నోట్లన్నీ ఇంగ్లీషులోనే రాసినవి. ఇక్కడ వాటి మాటలు తెలుగులో పెడుతున్నాం. అక్షరాల లెక్క మాత్రం ఇంగ్లీషు పాఠానిదే.

ముందు మనిషి, తర్వాత మాట

ఆమె మొదట ఎంచుకున్నది ఆ కంపెనీ ఇంజినీరింగ్ వైస్ ప్రెసిడెంట్‌ని. ఎంత పైవాళ్ళకి పంపితే అంత పని జరుగుతుందనుకుంది. ఆ స్థాయిలో ఉన్నవాళ్ళకి ఆ ఒక్క పోస్టు గురించి తెలియను కూడా తెలియకపోవచ్చు. తెలిసినా చేసేది నోట్‌ని రిక్రూటర్‌కి తోసేయడమే. నోట్ వెళ్ళాల్సింది ఆ కుర్చీలో కూర్చునే మనిషి ఎవరికి రిపోర్ట్ చేస్తారో వాళ్ళకి. ఆ ఖాళీ వల్ల రోజూ ఇబ్బంది పడుతున్నది వాళ్ళే.

ఆ మనిషిని కనిపెట్టడానికి మూడు చోట్ల చూశాం. జాబ్ పోస్టు కింద కొన్నిసార్లు హైరింగ్ టీమ్ అని ఒకరిద్దరి పేర్లు ఉంటాయి, కానీ అక్కడ ఎక్కువగా కనిపించేది రిక్రూటరే. తర్వాత కంపెనీ పేజీలో ఉద్యోగుల జాబితాని ఇంజినీరింగ్ మేనేజర్, సెటిల్‌మెంట్ అన్న మాటలతో వెతికితే ఇద్దరు తేలారు. ఆ ఇద్దరిలో ఒకాయన ఆ పోస్టుని "మా టీమ్‌కి" అంటూ తన పేజీలో పంచుకుని ఉన్నాడు. అనుమానం తీరింది. ఆయనే ఒక మీటప్‌లో ఇరవై నిమిషాల ప్రసంగం ఇచ్చాడు, దాని వీడియో కూడా అందరికీ అందుబాటులో ఉంది. ఆ వీడియో లేకపోయి ఉంటే ఈ నోట్ ఇంకోలా ఉండేది.

మొదటి డ్రాఫ్టు

"రెస్పెక్టెడ్ సర్, మీ కంపెనీ అంటే నాకు ఎంతో అభిమానం. జావాలో 4.5 ఏళ్ళ అనుభవం, 60 రోజుల నోటీస్. తగిన ఓపెనింగ్ ఏదున్నా దయచేసి నా ప్రొఫైల్ పరిశీలించండి, మీకు రుణపడి ఉంటాను, మిమ్మల్ని నిరాశపరచను."

లింక్డ్‌ఇన్ ఇచ్చే రెండొందల అక్షరాల్లో ఇమడ్చడానికి చాలా కష్టపడింది. ఈ నోట్‌లో మర్యాదకు లోటు లేదు, అబద్ధమూ లేదు. అయినా చదివేవాళ్ళకి ఇది ఎలా తగులుతుందో చూడండి.

"ఏదున్నా" అన్న మాటతోనే నోట్ సగం పోయింది. ఏదైనా సరే అనే మనిషికి ఏం వచ్చో చదివేవాళ్ళకి తెలియదు. సరిపోయే పోస్టు వెతికే పని ఆయన నెత్తిన పడింది. నోటీస్ పీరియడ్ రిక్రూటర్ అడిగే ప్రశ్న. బెంగళూరులో రిక్రూటర్ ఫోన్ చేస్తే మొదటి రెండు నిమిషాల్లో అడిగేది అదే. ఎవరూ అడగకముందే చెబితే బ్యాగు సర్దుకుని గుమ్మంలో నిలబడ్డట్టుంటుంది. ఇక "రుణపడి ఉంటాను", "నిరాశపరచను" అన్నవి ఇంకా పరిచయమే లేని మనిషి మీద బరువు పెట్టే మాటలు. కాదనడానికి ఆయన మొహమాటపడాలి. మొహమాటం పెట్టిన నోట్‌కి చాలామంది ఎంచుకునే దారి జవాబివ్వకపోవడమే.

నోట్‌లోని ప్రతి వాక్యం ఎవరి అవసరం గురించి మాట్లాడుతోందో చూస్తే చాలు. ఇందులో అన్నీ పంపేవాళ్ళ అవసరాలే. దీనంగా వినిపించడం అంటే ఇదే. మాటల్లో వినయం తగ్గించినంత మాత్రాన అది పోదు.

రెండో డ్రాఫ్టు

అవసరం కనిపించకూడదని చెప్పేసరికి పొగడ్తలోకి వెళ్ళింది. "మీ లీడర్‌షిప్ ప్రయాణం నాకు స్ఫూర్తి. ఒక్క 15 నిమిషాలు మీతో మాట్లాడి మీ అనుభవం నుంచి నేర్చుకోవాలనుంది."

ఈ నోట్‌లో పేరు మార్చి ఇంకో మేనేజర్‌కి పంపినా ఏ తేడా రాదు. చదివేవాళ్ళకి అది వెంటనే తెలిసిపోతుంది, ఎందుకంటే అచ్చం ఇలాంటివే వాళ్ళ ఇన్‌బాక్స్‌లో ఇంకా ఉంటాయి. పదిహేను నిమిషాలు అడగడం చిన్న కోరికలా కనిపిస్తుంది గానీ, క్యాలెండర్ తెరిచి, ఖాళీ చూసి, లింకు పంపి, ఆ కాల్‌లో ఏం చెప్పాలో ఆలోచించుకోవడం ఉంది కదా. రిక్వెస్ట్ ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు చాలు. దానికి అపాయింట్‌మెంట్ తగిలిస్తే ఒప్పుకోవడమే కష్టమవుతుంది.

ఈ దశలో సంబోధన గురించి కూడా మాట్లాడుకున్నాం. మేనేజర్ ఇంటిపేరు చూస్తే తెలుగాయనే. "పేరు పెట్టి పిలిస్తే పొగరు అనుకోరా అండీ?" అని ఆమె అడిగింది. మన ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఈ ఇబ్బంది నిజమైనదే, తేలిగ్గా కొట్టిపారేయాల్సింది కాదు. కానీ ఆ కంపెనీలో నిన్న చేరిన ట్రైనీ కూడా ఆయన్ని మొదటి పేరుతోనే పిలుస్తారు. అక్కడ సర్ అన్న మాట గౌరవం కన్నా ముందు దూరాన్ని చెబుతుంది, ఈ మనిషి మా పని వాతావరణానికి బయటివాళ్ళు అన్న గుర్తు వేస్తుంది. కనుక ఇంగ్లీషు నోట్‌లో హాయ్, ఆ తర్వాత మొదటి పేరు, అంతే. రేపు ఫోన్‌లో తెలుగులో మాట్లాడాల్సి వస్తే "గారు" ఎలాగూ దానంతటదే వస్తుంది.

"మాదీ గుంటూరేనండీ" అన్న ముక్క కూడా నోట్‌లో పెట్టాలనుకుంది. వద్దన్నాం. ఊరి పేరు చూసి ఆయన మనసులో సంతోషించవచ్చు. కానీ తన టీమ్‌లోకి మనుషుల్ని తీసుకునే స్థానంలో ఉన్నాడు, మనవాళ్ళని తీసుకున్నాడన్న మాట పడకూడదని జాగ్రత్తగా ఉంటాడు. మొదటి పరిచయంలోనే ఊరు చెబితే ఆ జాగ్రత్త మనకు ఎదురు తిరుగుతుంది.

మూడో డ్రాఫ్టు

వీడియో మొత్తం చూసి రమ్మన్నాం. చూసి వచ్చింది, ఈసారి నోట్‌కి ప్రాణం వచ్చింది. అందులోనే అసలు ప్రమాదం కూడా వచ్చింది.

ప్రసంగంలో ఆయన చెప్పిన విషయం ఇది. బ్యాంకు నుంచి వచ్చే ఫైలు ఒక్కోసారి రెండుసార్లు వస్తుంది. గమనించకపోతే అవే లావాదేవీలు రెండుసార్లు లెక్కలోకి ఎక్కుతాయి. అందుకని వాళ్ళ టీమ్ ప్రతి ఫైలుకీ ఒక చెక్‌సమ్, అంటే ఫైలు లోపల ఉన్నదాని నుంచి లెక్కగట్టిన ఒక చిన్న గుర్తు, తీసి దాచుకుంటుంది, అదే చెక్‌సమ్ మళ్ళీ కనిపిస్తే ఫైలుని ఆపేస్తుంది. పేరు మారినా సరే, లోపల ఉన్నది అదే అయితే దొరికిపోతుంది. ఆమె టీమ్‌లోనూ ఇదే ఇబ్బంది వచ్చింది గానీ, అక్కడ ఫైలు రెండోసారి వచ్చినప్పుడు వరుసల క్రమం మారి వచ్చింది. లావాదేవీలు అవే, క్రమం వేరు. క్రమం మారితే చెక్‌సమ్ మారిపోతుంది కాబట్టి ఫైలు దాటిపోయింది. చివరికి ప్రతి వరుసలో ఉండే ఆర్‌ఆర్‌ఎన్‌తో, అంటే యూపీఐ లావాదేవీకి ఉండే ఆ 12 అంకెల నంబరుతో పోల్చి పట్టుకున్నారు.

ఇంత మంచి విషయం చేతిలో పెట్టుకుని ఆమె ఇలా రాసింది: "చెక్‌సమ్‌తో డూప్లికేట్లు దొరుకుతాయని మీ టాక్‌లో అన్నారు, కానీ వరుసలు మారితే దొరకవు. ఫలానా బ్యాంకులో మాకు ఇలాగే అయింది. ఆర్‌ఆర్‌ఎన్‌తో వరుస వరుసా పోల్చడమే సరైన పద్ధతి."

ఇందులో రెండు తప్పులున్నాయి. మొదటిది తేలిగ్గా కనిపించేది: క్లయింట్ బ్యాంకు పేరు రాసేసింది. సర్వీసెస్ కంపెనీలో చేరేటప్పుడు సంతకం పెట్టే గోప్యతా ఒప్పందం ఇలాంటి చోటే గుర్తుండాలి. చదివే మేనేజర్‌కి కూడా ముందు తోచేది రేపు మా క్లయింట్ల సంగతీ ఇలాగే బయట చెబుతుందా అని. పేరు లేకపోయినా విషయానికి బలం తగ్గదు.

రెండోది సూక్ష్మం. "కానీ" తర్వాత వచ్చేదంతా దిద్దుబాటు. ఇరవై నిమిషాల ప్రసంగంలో ఆయన చెప్పనంత మాత్రాన ఆయనకు తెలియదని కాదు. బహుశా రెండూ వాడుతూ ఉండొచ్చు. దీనంగా కనబడకూడదన్న పట్టుదలలో మనిషి ఇటువైపు ఒరుగుతాడు, అడుక్కునే గొంతు పోయి పరీక్ష పెట్టే గొంతు వస్తుంది. మేనేజర్ స్థానంలో ఉంటే ఈ రెండింటిలో రెండోది చదవడమే ఎక్కువ చిరాకు. వినయమే దారి తప్పిన మొదటి నోట్‌నైనా క్షమిస్తారు.

పంపిన నోట్

మార్చింది పెద్దగా ఏమీ లేదు. ఆయన మాటని ముందు పెట్టి, ఆమె అనుభవాన్ని దానికి కొనసాగింపుగా చెప్పాం.

"హాయ్, రెండుసార్లు వచ్చే బ్యాంకు ఫైళ్ళని చెక్‌సమ్‌తో పట్టుకోవడం మీద మీ టాక్ నాకు పనికొచ్చింది. మాకు అదే ఫైలు వరుసలు మారి మళ్ళీ వచ్చింది, ఆర్‌ఆర్‌ఎన్‌తో పోల్చితే దొరికింది."

ఇంగ్లీషులో మొదటి లైను 66 అక్షరాలు, రెండోది 82. సంబోధన, పేరు కలిపితే 160 దగ్గర ఆగింది.

కోరిక ఏదీ అని ఆమె అడిగింది. రిక్వెస్ట్ పంపడమే కోరిక. "కనెక్ట్ అవ్వాలనుంది" అని మళ్ళీ రాయడం తలుపు కొట్టి, తలుపు కొడుతున్నానని చెప్పడం లాంటిది. మరి తను ఎవరో, ఎన్నేళ్ళ అనుభవమో? అది నోట్‌లో అక్కర్లేదు, ఎందుకంటే నోట్ ఒంటరిగా వెళ్ళదు. ఆయన స్క్రీన్ మీద ఆమె ఫోటో, పేరు, పేరు కింద హెడ్‌లైన్, ఇద్దరికీ తెలిసినవాళ్ళ సంఖ్య, వాటితో పాటు నోట్ కనిపిస్తాయి. ఆయన మొదట చదివేది హెడ్‌లైన్‌నే.

అక్కడ ఆమె రాసుకున్నది "కొత్త అవకాశాల కోసం చూస్తున్నాను, జావా, స్ప్రింగ్‌బూట్, మైక్రోసర్వీసెస్" అని. నోట్‌లో ఎంత జాగ్రత్తపడినా పైన ఆ లైను ఉంటే మొదటి డ్రాఫ్టు పంపినట్టే. దాన్ని "బ్యాకెండ్ ఇంజినీర్, బ్యాంకు రికన్సిలియేషన్, జావా" అని మార్చింది. ఫోటో చుట్టూ ఉన్న ఆకుపచ్చ `Open to Work` పట్టీని తీసేసి, రిక్రూటర్లకు మాత్రమే కనిపించేలా సెట్టింగ్ పెట్టింది. ఆ పట్టీ పెట్టుకోవడంలో తప్పేమీ లేదు, ఉద్యోగం పోయినవాళ్ళకి అది నిజంగా పనికొస్తుంది కూడా. ఇక్కడ మాత్రం తోటి ఇంజినీరుగా మొదలుపెడుతున్న మాటని అది ముందే అభ్యర్థనగా మార్చేస్తుంది.

ఇది ఉద్యోగం సంగతి దాచి మభ్యపెట్టడం కాదా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఆమె రాసిన రెండు లైన్లూ నిజం, వీడియో నిజంగా చూసింది, ఆ ఫైలు నిజంగా వచ్చింది. పోస్టు చూశారా అని ఆయన అడిగితే చూశాననే చెప్పాలి, అది ముందే అనుకున్నాం. చూడని ప్రసంగాన్ని చూశానని రాస్తే మాత్రం ఆయన అడిగే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

పంపేటప్పుడు చేయి జారే చోట్లు

ఉచిత ఖాతాలో నోట్‌కి 200 అక్షరాలే, డబ్బు కట్టే ప్రీమియంలో 300. నెలకు పంపగలిగే నోట్లు కూడా ఉచిత ఖాతాలో కొన్నే. అందుకే వాటిని ఊరికే ఖర్చు చేయకూడదు. లైను విరిచినా, ఖాళీ వదిలినా అక్షరం కిందే లెక్క.

ఫోన్‌లో చాలాసార్లు `Connect` నొక్కగానే నోట్ లేకుండానే రిక్వెస్ట్ వెళ్ళిపోతుంది. ప్రొఫైల్‌లో మూడు చుక్కల మెనూ తెరిచి, అక్కడి నుంచి నోట్ రాసే ఎంపికకు వెళ్ళాలి. కంప్యూటర్‌లో అయితే `Add a note` అని విడిగా అడుగుతుంది, అందుకే ముఖ్యమైన రిక్వెస్ట్‌ని కంప్యూటర్ నుంచే పంపడం మేలు. కొందరి ప్రొఫైల్‌లో పైన `Follow` మాత్రమే ఉంటుంది, `Connect` పక్కనున్న `More` మెనూ కింద దాక్కుంటుంది. పొరపాటున ఖాళీ రిక్వెస్ట్ వెళ్ళిపోయి దాన్ని వెనక్కి తీసుకుంటే, అదే మనిషికి మళ్ళీ పంపడానికి మూడు వారాల దాకా వీలుండదు. పోస్టు ఆలోపే నిండిపోవచ్చు.

ఒప్పుకున్నాక

మంగళవారం ఉదయం పంపింది, గురువారం రాత్రి ఆయన ఒప్పుకున్నాడు. నోట్‌కి జవాబు మాత్రం రాలేదు. చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే. ఒప్పుకున్న నోటిఫికేషన్ వచ్చిన పది నిమిషాల్లో థాంక్యూ సర్, కింద రెజ్యూమే, కింద ఇంకో మెసేజ్. రెండు లైన్లలో దాచిన ఆత్రమంతా ఒక్కసారి బయటపడుతుంది, ఆ నోట్ ఎందుకు రాశారో ఆయనకు అప్పుడు అర్థమై మనసు విరుగుతుంది.

ఆమెని శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆగమన్నాం. ఈలోపు కంపెనీ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టింది. మామూలుగా పోర్టల్‌లో పెట్టే ముందు ఒక్క క్షణం ఆలోచించాలి, ఎందుకంటే సొంతంగా దరఖాస్తు చేసిన మనిషిని ఆ తర్వాత రిఫర్ చేయడానికి చాలా కంపెనీల్లో వీలుండదు. లోపల రిఫర్ చేసే స్నేహితులుంటే ముందు వాళ్ళతో మాట్లాడుకోవాలి. ఆమెకి అక్కడ ఎవరూ లేరు, కాబట్టి పోయేదేమీ లేదు.

శుక్రవారం మెసేజ్‌లో ఉన్నవి మూడు వాక్యాలు. కనెక్ట్ అయినందుకు థాంక్స్ అని ఒకటి. మీ సెటిల్‌మెంట్ టీమ్ పోస్టుకి ఈరోజు దరఖాస్తు పెట్టాను అంటూ జాబ్ ఐడీ ఇచ్చింది ఒకటి. నేను రోజూ చేసే పనికి అది దగ్గరగా ఉంది, మీరు చూడదగ్గదనిపిస్తే చూడండి అని చివరిది. రెజ్యూమే జత చేయలేదు. ఆ ఐడీతో ఆయన తన సిస్టమ్‌లోనే తెరిచి చూడగలడు.

సోమవారం ఆయన జవాబు ఒక ప్రశ్నగా వచ్చింది. ఒరిజినల్ లావాదేవీకీ, ఆ డబ్బుని వెనక్కి వేసే రివర్సల్‌కీ ఒకే ఆర్‌ఆర్‌ఎన్ వస్తే మీ పోలిక ఏం చేస్తుంది? ఆమె నిజంగా ఆ పని చేసి ఉండటం అప్పుడు అక్కరకొచ్చింది. ఆర్‌ఆర్‌ఎన్ ఒక్కదాన్నే ఆధారంగా పెట్టుకోలేదు, ఎన్ని రూపాయలో, డెబిటా క్రెడిటా అన్న గుర్తు కూడా కలిపి పోల్చాం, మొదటి వారం ఆ గుర్తు పెట్టక రివర్సల్స్ కొన్ని డూప్లికేట్లుగా ఆగిపోయాయి అని రాసింది. తప్పు జరిగిన వారం గురించి చెప్పాలా అని చాలాసేపు తటపటాయించింది గానీ, ఆ జవాబులో నమ్మదగ్గ ముక్క అదే. డబ్బు కట్ అయి అవతలి ఖాతాలో పడకపోతే మరుసటి రోజులోగా తిరిగి వేయాలని రిజర్వ్ బ్యాంకు 2019లో పెట్టిన నిబంధన ఉంది, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం కూడా. ఆగిపోయిన రివర్సల్ ఎంత ఖరీదో సెటిల్‌మెంట్ మేనేజర్‌కి విడమరచి చెప్పక్కర్లేదు.

"రిక్రూటర్‌కి చెబుతాను" అని ఒక్క లైను వచ్చింది. ఆ వారంలోనే మొదటి రౌండ్‌కి పిలుపొచ్చింది. నోట్ పని అంతవరకే. ఆ తర్వాత కోడింగ్ రౌండ్‌లో ఆమె ఎలా చేసిందన్నది వేరే లెక్క.

అదే నెలలో ఇందిరానగర్‌లోని ఇంకో కంపెనీ మేనేజర్‌కి కూడా ఇంతే శ్రద్ధగా ఒక నోట్ పంపింది. ఆయన రాసిన ఒక టెక్నికల్ వ్యాసం మీద, 170 అక్షరాల్లో. నాలుగు వారాలైనా పెండింగ్‌లోనే ఉంది. నోట్‌లో వెతికితే తప్పు దొరకలేదు. ఆయన ప్రొఫైల్‌లో `Activity` విభాగం తెరిచి చూస్తే, చివరిసారి ఏదైనా పెట్టి ఏడాది దాటింది. ఆయన లింక్డ్‌ఇన్ తెరవడమే తక్కువ. పంపే ముందు అది ఒక్కసారి చూసి ఉంటే నోట్ మిగిలేది. ఆమె ఆ రిక్వెస్ట్‌ని వెనక్కి తీసుకుని, ఆ వ్యాసం కింద ఉన్న ఈమెయిల్‌కి అవే రెండు లైన్లు పంపింది.